నాలుగో లైను

లిఫ్టు తలుపుకి అడ్డంగా ఎర్ర టేపు వేసి ఆ సోమవారానికి పదకొండు రోజులు. తాళ్లు అరిగిపోయాయి, మార్చేదాకా ఎవరూ ఎక్కడానికి వీల్లేదని మెకానిక్కు ఓ కాగితం అంటించి తన మానాన తాను పోయాడు. ఐదో అంతస్తులో ఉండే అపార్టుమెంటు సెక్రటరీగారికి అప్పట్నుంచీ మోకాళ్లు పట్టేశాయి గానీ, ఆవిడ బెంగ మోకాళ్ల గురించి కాదు. పక్షవాతం వచ్చిన మొగుణ్ణి వారానికి మూడుసార్లు వ్యాయామం చేయించే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. మొదటి ఆరు నెలల్లో ఎంత కదిలితే అంతే, తర్వాత ఎంత మొత్తుకున్నా లాభం లేదని డాక్టరు మొహమాటం లేకుండా చెప్పేశాడు. మూడు నెలలు అయిపోయాయి. నాలుగో నెల ఈ టేపు వెనకాల కరిగిపోతోంది.

ఒకసారి ఇద్దరు మనుషుల్ని పెట్టి కుర్చీతో సహా దింపించింది. మూడో అంతస్తు మలుపులో కుర్చీ ఒరిగింది. ఆయన ఎడంచేత్తో రెయిలింగు పట్టుకుని వదల్లేదు. తిరిగి పైకి తెచ్చాక, "ఇంకోసారి ఈ పని చేశావంటే ఊరుకోను," అన్నాడు, మాట ముద్దగా వస్తున్నా కోపం మాత్రం స్పష్టంగానే ఉంది. అప్పట్నుంచీ ఇంట్లోనే రబ్బరు బంతి పిసికిస్తోంది. కుడిచేతి వేళ్లు రోజురోజుకీ లోపలికి ముడుచుకుంటున్నాయి. పొద్దున్నే వాటిని ఒక్కొక్కటీ విప్పుతుంటే ఆవిడకి ఏడుపొచ్చేది. ఏడిస్తే ఆయన చూస్తాడని గబగబా లేచి వంటింట్లోకి పోయి గిన్నెలు కడిగేది.

ఆవిడ బడిలో లెక్కల టీచరు. అంతకంటే పేరు తెచ్చిపెట్టింది మాత్రం టైమ్‌టేబులు. ముప్ఫై మంది టీచర్లని, పద్దెనిమిది తరగతుల్ని, ఒక్క సైన్సు గదినీ పెన్సిలూ రబ్బరూ పట్టుకుని రెండు రోజుల్లో సర్దేస్తుంది. అందుకే ముప్ఫై ఆరు ఫ్లాట్ల వాళ్లూ కలిసి సెక్రటరీ పదవి ఆవిడ నెత్తిన పెట్టారు. సర్దడం నాకు వచ్చులే అని ఆవిడకీ లోలోపల కాస్త గర్వం ఉండేది, లేదనకూడదు.

ఆ సాయంత్రం ట్రెజరరు లెక్కల పుస్తకం చంకలో పెట్టుకుని వచ్చాడు. బస్సు డ్రైవరుగా రిటైరైన మనిషి, మూడో అంతస్తు. రెండంతస్తులు ఎక్కేసరికే ఆయాసం.

"చెల్లెమ్మా, ఇదిగో చూడు, దాచేదేమీ లేదు," అని పుస్తకం తెరిచాడు. "ఇప్పుడు ఇంటికి ఆరొందలు. కరెంటూ నీళ్ల మోటారూ జీతాలూ పెరిగాయి, వాటికే ఇంటికి ఇంకో వంద కావాలి. లిఫ్టువాడు మొత్తం పని ఎనభై ఆరు వేల నాలుగొందలన్నాడు. పన్నెండు వాయిదాల్లో కడితే ఇంటికి రెండొందలు. మొత్తం తొమ్మిదొందలవుద్ది."

"తొమ్మిదొందలంటే ఒప్పుకుంటారా?"

"ఒప్పుకుంటే నేను మళ్లీ బస్సెక్కి హారను కొట్టుకుంటూ ఊరంతా తిరుగుతా."

నియమం ఏమిటంటే, నెల చందా పెంచాలంటే మూడింట రెండొంతుల ఓట్లు కావాలి. ఇంటికో ఓటు. ముప్ఫై ఆరింట్లో ఇరవై నాలుగు. మీటింగుకి రాకపోయినా, ఓటెయ్యకపోయినా కాదన్నట్టే లెక్క. పైగా తీర్మానం కాగితం మూడు రోజుల ముందే ప్రతి ఇంటికీ చూపించి, చూశామని సంతకం తీసుకోవాలి. మీటింగు ఆదివారం.

ఆవిడ నోటుబుక్కులో ముప్ఫై ఆరు గళ్లు గీసింది. అవునంటే టిక్కు, కాదంటే ఇంటూ, 'చూద్దాం లెండి' అన్నవాళ్లకి సున్నా. మూడు, నాలుగు, ఐదు అంతస్తుల్లో సొంతానికి ఉంటున్నవి పద్నాలుగిళ్లు. వాళ్లకి లిఫ్టు ప్రాణం. అడగక్కర్లేకుండానే పద్నాలుగు టిక్కులు పడ్డాయి. గ్రౌండు ఫ్లోరు ఆరిళ్లూ ఇంటూలే. ఒకటీ రెండూ అంతస్తుల్లో ఉంటున్న ఎనిమిదిళ్లకి మెట్లే అలవాటు, అన్నీ సున్నాలు. ఇక మిగిలిన ఎనిమిదీ అద్దెకిచ్చిన ఫ్లాట్లు. వాటిల్లో అయిదు ఒక్కాయనవే, అందరూ ఆయన్ని అయిదిళ్లాయన అంటారు. మిగతా మూడిళ్ల యజమానులు వేరే ఊళ్లలో ఉంటూ, మా తరఫున ఓటెయ్యి అని ఆయనకే ఉత్తరాలు రాసిచ్చారు.

"ఇంకా పది కావాలి," అంది ఆవిడ పెన్సిలు చివర కొరుకుతూ.

"ఒక్కొక్కళ్లనీ పట్టుకుంటే ఈ జన్మలో అవదు. గుంపు పెద్దల్ని పట్టుకో," అన్నాడు ట్రెజరరు.

మంగళవారం బడి నుంచి వస్తూనే గ్రౌండు ఫ్లోరులో మందుల షాపాయన తలుపు కొట్టింది. ఆ ఆరిళ్లూ ఆయన ఎంత అంటే అంత. ఆయన గళ్ల లుంగీ మీద, చేతిలో టీ గ్లాసుతో బయటికొచ్చాడు.

"మేడమ్, మీ బాధ నాకు తెలీదా? మీవారికి కావాల్సిన మందులన్నీ నేనే కదా పంపుతున్నా," అన్నాడు. "కానీ నా కాలు లిఫ్టులో పెట్టి ఎన్నేళ్లయింది? పెట్టానా అసలు? పెట్టని లిఫ్టుకి నేనెందుకు కట్టాలి, చెప్పండి?"

న్యాయమే. ఆవిడ అక్కడే గుమ్మంలో నిలబడి లెక్కేసింది. గ్రౌండు ఫ్లోరుని లిఫ్టు ఖర్చు నుంచి తప్పిస్తే ఆ భారం పైనున్న ముప్ఫై ఇళ్ల మీద పడి, రెండొందలు కాస్తా రెండొందల నలభై అవుతుంది. పైవాళ్లకి తొమ్మిదొందల నలభై, కిందవాళ్లకి ఏడొందలు.

"ఏడొందలైనా వందెక్కువే కదండీ," అన్నాడాయన. "పెంచకుండా ఉంటే చెప్పండి, ఆరు ఓట్లూ మీ చేతిలో పెడతా."

అక్కణ్ణుంచి నేరుగా అయిదిళ్లాయన ఆఫీసుకి వెళ్లింది. రెండు వీధుల అవతల, టైల్సు అమ్మే దుకాణం వెనకాల చిన్న గది. ఆయన పొడుగాటి బల్ల మీద టైల్సు ముక్కలు పేర్చుకుంటూ, తలెత్తకుండానే విన్నాడు.

"టీచరుగారూ, నా అయిదింట్లో రెండు ఖాళీగా ఉన్నాయి. వాటి చందా నా జేబులోంచే పోతోంది. ఉన్న మూడిళ్ల వాళ్లూ పెంచితే ఖాళీ చేస్తామంటారు. ఇక నాకు ఉత్తరాలిచ్చిన వాళ్లు చూడండి ఏం రాశారో." డ్రాయరు లాగి చూపించాడు. ఎనిమిదొందల యాభై దాటితే ఒప్పుకోవద్దు అని మూడింట్లోనూ ఒకే వాక్యం. "యాభై లోపల తెండి. నాకూ లిఫ్టు కావాలి. లిఫ్టు లేని ఇల్లు ఎవడికివ్వను?"

ఆవిడ చీకటి పడకముందే ఇల్లు చేరింది. భర్తకి టీ తాగిస్తూ, మూతి తుడుస్తూ, వేళ్లు విప్పుతూ, మనసులో మాత్రం తొమ్మిదొందల నలభైని ఎనిమిదొందల యాభై కిందకి ఎలా తేవాలా అని కొట్టుకుపోతోంది. ఆయన రెండుసార్లు పిలిచినా వినిపించుకోలేదు.

"ఎక్కడున్నావ్?" అన్నాడాయన మూడోసారి.

"ఇక్కడే."

"చెయ్యి నొక్కేస్తున్నావ్. నొప్పి."

ఆవిడ ఉలిక్కిపడి వదిలేసింది.

మర్నాడు బడిలో ఖాళీ పీరియడు దొరగ్గానే ఖర్చుల జాబితా ముందేసుకుంది. ఒక్కో వరసా పెన్సిలుతో తడుముతూ వచ్చింది. కరెంటు తగ్గదు. మోటారు తగ్గదు. వాచ్‌మన్ ఒక్కడే. ఊడ్చేవాళ్లు ఇద్దరు, పెద్దామె, చిన్నామె. ఇద్దరూ తోడికోడళ్లు. ఒక్కొక్కరి జీతం మూడు వేల ఆరొందలు. దాన్ని ముప్ఫై ఆరు పెట్టి భాగించాక పెన్సిలు ఆగిపోయింది. సరిగ్గా వంద. ఒకరు తగ్గితే పైవాళ్లకి ఎనిమిదొందల నలభై, అంటే అయిదిళ్లాయన గీత లోపలే. కిందవాళ్లకి ఆరొందలు, అంటే పైసా పెంపు లేదు. పద్నాలుగూ ఆరూ ఎనిమిదీ, ఇరవై ఎనిమిది. కావాల్సిన దానికంటే నాలుగెక్కువ. సైన్సు గది చిక్కుముడి వీడినప్పుడు కలిగే సంబరం లాంటిది ఒంట్లో జివ్వున పాకింది.

ఇంకో వరస కూడా ఉందా జాబితాలో, పుస్తకం చివర్లో. గోడల సున్నానికి దాచిన డబ్బు, నలభై వేల పైచిలుకు. దాని మీదికి ఆవిడ పెన్సిలు పోనేలేదు. పై మూడంతస్తుల గోడలు చెమ్మెక్కి పెచ్చులూడుతున్నాయి, ఈ ఏడాది వేయిస్తానని ఆ పద్నాలుగిళ్లకీ మాటిచ్చింది. వాళ్లు తన వాళ్లు. తన వాళ్ల జోలికి వెళ్తే మొదటికే మోసం.

ఆ సాయంత్రమే తీర్మానం రాసింది. ఆరు లైన్లు. నాలుగో లైను ఇలా ఉంది: 'పారిశుద్ధ్య సిబ్బందిని ఇద్దరి నుంచి ఒకరికి తగ్గించడమైనది.' మందుల షాపాయన చదివి భేషన్నాడు. అయిదిళ్లాయన ఫోనులో విని, "ఇంత తెలివి మీ దగ్గరుంచుకుని మమ్మల్నెందుకండీ తిప్పలు పెట్టారు?" అని నవ్వాడు. నాలుగో లైను దగ్గర ఒక్కరూ ఆగలేదు. ట్రెజరరు మాత్రం కళ్లజోడు తీసి తుడుచుకున్నాడు.

"ఇద్దర్లో ఎవర్ని?"

"అది తర్వాత చూద్దాం అన్నయ్యగారూ. ముందు లిఫ్టు కదలనివ్వండి."

"సరే," అన్నాడాయన. కానీ వెంటనే లేవలేదు, కాసేపు పుస్తకం అట్ట మీద వేళ్లతో తాళం వేస్తూ కూచున్నాడు.

నోటీసు ఇళ్లిళ్లకీ తిప్పి సంతకాలు తేవడం ఎప్పట్నుంచో పెద్దామె పని. నీళ్లు రావన్నా, మీటింగన్నా, కాగితాన్ని ఓ అట్టకి క్లిప్పుతో పెట్టి, పెన్ను దారంతో కట్టి ఇస్తే, చెత్తబుట్టలు తీసుకునేటప్పుడు గడపగడపకీ చూపించుకొస్తుంది. గురువారం పొద్దున్న బడికి పరుగెడుతూ సెక్రటరీగారు అలవాటు కొద్దీ ఆ అట్టని ఆమె చేతిలో పెట్టి, "ముప్ఫై ఆరు సంతకాలూ పడాలి, ఒక్కటీ తప్పకూడదు," అని మెట్లు దిగిపోయింది. రెండంతస్తులు దిగాక గానీ తానేం చేసిందో తట్టలేదు. కాళ్లు ఆగాయి. వెనక్కి వెళ్దామా అనుకుంది. ఆమెకి చదువొచ్చేమిటిలే అని తనకి తాను సర్దిచెప్పుకుని మళ్లీ దిగింది. ఇన్నేళ్లలో పెద్దామెకి చదువొచ్చో రాదో ఎప్పుడూ అడిగిన పాపాన పోలేదు.

ఆ రోజు పాఠం చెబుతూ చెబుతూ బోర్డు మీద ఒకే లెక్క రెండుసార్లు తప్పు వేసింది. పిల్లలు నవ్వారు.

శుక్రవారం సాయంత్రం ఇంటికొచ్చేసరికి అట్ట గుమ్మం పక్కన కుర్చీలో ఉంది. సంతకాలన్నీ ఉన్నాయి, వరసగా, ఖాళీ ఇళ్లకి అయిదిళ్లాయన పెట్టిన రెండింటితో సహా, ఒక్కటీ తప్పకుండా. దాని కింద ఇంకో కాగితం ఉంది. పాత క్యాలెండరు వెనకవైపు, స్కేలు పెట్టి గీసిన గళ్లు. ఎడమ పక్క ఇళ్ల నంబర్లు, పైన వారాల పేర్లు. గుండ్రటి, పొందికైన అక్షరాలతో పైన ఇలా రాసి ఉంది: 'ఒకటో తారీఖు నుంచి ఊడ్చే మనిషి ఒక్కరే. రోజుకి రెండంతస్తులే అవుతాయి. ఆదివారం సెలవు. అంతస్తుకి వారానికి రెండు రోజులు. మీకు ఏ రెండు రోజులు కావాలో టిక్కు పెట్టగలరు.'

అది టైమ్‌టేబులు. అచ్చంగా తాను వేసేలాంటిదే.

ఆవిడ చెప్పులైనా విడవకుండా అక్కడే నిలబడి చదివింది. ముప్ఫై ఆరిళ్లలో ఇరవై నాలుగు సోమవారం కావాలన్నాయి. ఆదివారం చెత్తంతా పేరుకుంటుంది మరి. శనివారం ఇరవై రెండు. మంగళవారం ఒక్కరే. కొందరు టిక్కులు కొట్టేసి పక్కన రాశారు. మూడో అంతస్తులో ఒకావిడ, 'మా ఇంట్లో పాకే పాప ఉంది, వరండా రోజూ తుడవాలి' అని రాసింది. అద్దెకున్న వాళ్లలో ఒకాయన, 'మాకెవరూ చెప్పలేదు. చందా కట్టేది మేమే' అని గీతల మీదుగా రాసేశాడు. గ్రౌండు ఫ్లోరు ఆరు గళ్లల్లోనూ టిక్కులు లేవు, ఒకే మాట ఉంది: 'కాలవ రోజూ.' వెనక కాలవలో ప్రతిరోజూ చిన్నామె కర్రతో చెత్త లాగకపోతే నీళ్లు వెనక్కి తన్ని ఆ ఆరిళ్ల స్నానాల గదుల్లోకి వస్తాయి.

ఏ పెన్సిలూ ఏ రబ్బరూ దాన్ని సర్దలేవు. ఇరవై ఏళ్లుగా గళ్లు నింపిన మనిషికి ఆ సంగతి ఒక్క చూపులో తెలిసిపోయింది.

ఫోను మోగింది. మందుల షాపాయన. "మేడమ్, కాలవ సంగతి ఎవరూ చెప్పలేదేంటండీ? నేను ఆరొందలకి ఒప్పుకున్నా గానీ బాత్రూములో మురుక్కి ఒప్పుకోలేదు." అది పెట్టెయ్యగానే అయిదిళ్లాయన. మూడిళ్ల అద్దెవాళ్లూ వరసపెట్టి ఆయనకి ఫోన్లు చేశారట, లిఫ్టూ లేక ఊడ్చడమూ లేకపోతే అద్దె తగ్గించమని. ఇరవై ఎనిమిది కాస్తా గంటలో పద్నాలుగైంది.

మొదట ఒళ్లు మండిపోయింది. 'ఎంత తెలివి! నా నోటీసుతోనే నాకు ఎసరు పెట్టింది!' అనుకుంది. లోపల భర్త బంతి చేతిలోంచి జారి గచ్చు మీద దొర్లుకుంటూ గుమ్మం దాకా వచ్చింది. ఆవిడ వంగి తీసింది. వంగినప్పుడు కళ్లు మళ్లీ కాగితం మీద పడ్డాయి. ఎక్కడా తిట్టు లేదు, బతిమాలడం లేదు, తన కష్టం గురించి అక్షరమ్ముక్క లేదు. అడగాల్సిన ప్రశ్న ఒక్కటి అడిగింది, అంతే. ఆ ప్రశ్న తానెందుకు అడగలేదో సెక్రటరీగారికి తెలుసు. అడిగితే జవాబొచ్చేది. కోపం పోయి సిగ్గేసింది.

"ఏమైంది?" అన్నాడు భర్త.

చెప్పింది. దాచకుండా అంతా చెప్పింది. ఆయన తన కుడిచేతి వైపు చూసుకున్నాడు.

"నా చెయ్యి కోసమా?"

"మరి దేనికోసం?"

"నన్నడిగితే వద్దనేవాణ్ణి," అన్నాడు. ముద్ద మాటే అయినా ఆవిడకి బాగానే వినబడింది.

శనివారం పొద్దున్నే ట్రెజరరు ఇంటికి దిగింది. "అన్నయ్యగారూ, సున్నం డబ్బు తీద్దాం."

ఆయన టీ గ్లాసు పక్కన పెట్టాడు. "మీ వాళ్లు నీ మీద పడతారు."

"పడనీండి. లిఫ్టువాడికి మూడో వంతు ముందే ఇచ్చేస్తే మిగతాదానికి వాయిదాలు తగ్గుతాయి కదా."

ఆయన ఫోను తీసి లిఫ్టు కంపెనీవాడితో అరగంట బేరమాడాడు. వాడు సగం ముందు కావాలన్నాడు. ఈయన ఐదో వంతుతో మొదలెట్టాడు. చివరికి మూడో వంతు దగ్గర దిగాడు, డబ్బు ముట్టిన నాలుగు రోజుల్లో తాళ్లు మారుస్తానన్నాడు. ఇరవై ఎనిమిది వేల ఎనిమిదొందలు సున్నం డబ్బులోంచి. మిగతాది పన్నెండు నెలలు, నెలకి నాలుగు వేల ఎనిమిదొందలు. ముప్ఫై ఇళ్లకి పంచితే నూట అరవై. పైవాళ్లకి ఎనిమిదొందల అరవై, కిందవాళ్లకి ఏడొందలు, ఊడ్చేవాళ్లు ఇద్దరూ ఉంటారు.

"పది ఎక్కువైంది," అన్నాడు ట్రెజరరు నిట్టూరుస్తూ. "ఆ మూడు ఉత్తరాలూ పోయినట్టే."

"పోనీండి."

ఆ రోజంతా మెట్లెక్కుతూ దిగుతూనే ఉంది. మందుల షాపాయన ఏడొందలు అనగానే మొహం ముడిచాడు. కాలవ రోజూ తీస్తారని తీర్మానంలో రాస్తానంటే ముడి కాస్త వదిలింది. "రాతలో ఉండాలి మేడమ్, మాట కాదు." రాసింది. అయిదిళ్లాయన టైల్సు దుకాణంలో పది దగ్గర పంతం పట్టాడు. ఆ మూడిళ్ల సంగతి నేనడగను, మీ అయిదూ చెప్పండి, అందావిడ. మీ అద్దెవాళ్లు ఎనిమిదొందల అరవై కడతామన్నారు, నేను వెళ్లి అడిగొచ్చాను, అని కూడా చెప్పింది. ఆయన మొదటిసారి తలెత్తి చూశాడు. "అద్దెవాళ్లని అడిగారా? వాళ్లకి ఓటెక్కడిది?" అన్నాడు. "ఓటు లేదు గానీ కట్టేది వాళ్లే కదండీ," అంది. ఆయన ఓ టైలు ముక్క తిప్పి తిప్పి చూసి, "కానివ్వండి," అన్నాడు.

రెండో అంతస్తులో కొత్త కోడలొకామె తలుపు తీసి, "మీరే వచ్చారేంటండీ? పెద్దామె రాలేదా?" అంది. "ఈ కాగితం నేనే తిప్పాలమ్మా," అంది సెక్రటరీగారు. ఆ రెండంతస్తుల్లోని ఎనిమిది సున్నాల్లో నాలుగు టిక్కులయ్యాయి. పై అంతస్తుల్లో మాత్రం మాటలు పడింది. "మా గోడలు కూలిపోయినా పర్లేదన్నమాట," అని ఎదురింటాయన తలుపు ఠపీమని వేసేశాడు. పద్నాలుగు పన్నెండైంది.

ఆదివారం పొద్దున పార్కింగులో కుర్చీలు వేశారు. ముందు సవరణ, దానికి మూడు రోజుల గడువు అక్కర్లేదు, తర్వాత తీర్మానం, అదీ పద్ధతి. సవరణ చదువుతుంటే ఎవరో వెనకనుంచి, "అసలా నాలుగో లైను రాసిన మహానుభావులెవరండీ?" అని అరిచారు. నవ్వులు. అప్పటిదాకా బుర్రలూపిన వాళ్లు కూడా మేమెరగమన్నట్టు అటూ ఇటూ చూశారు.

"నేనే," అందావిడ. "మావారి కోసం తొందరపడ్డాను. తప్పు నాది. ఇప్పుడు కొట్టేస్తున్నాను."

నవ్వులు ఆగాయి. చేతులు లేచాయి. పన్నెండు, ఆరు, అయిదు, నాలుగు. ఇరవై ఏడు. అయిదిళ్లాయన అయిదుసార్లు లెక్కలోకొచ్చి, మూడు ఉత్తరాలూ జేబులోనే ఉంచుకున్నాడు. ట్రెజరరు గట్టిగా చప్పట్లు కొట్టి, ఎవరూ అందుకోకపోయేసరికి చేతులు తుడుచుకున్నాడు. తాళ్లు శుక్రవారానికి వస్తాయి.

ఆవిడకి కాళ్లు నేల మీద ఆనలేదు. ఆదివారం సెలవైనా, మీటింగు కుర్చీలు తీసి మెట్లు కడగాలని తోడికోడళ్లిద్దరూ వచ్చారు. చిన్నామె కింద కుర్చీలు సర్దుతోంది. పెద్దామె మొదటి అంతస్తు మెట్ల మీద బక్కెట్టు పెట్టి గుడ్డ పిండుతోంది.

"నీకు చెప్దామనే వచ్చాను," అంది సెక్రటరీగారు, ఆయాసంతోనూ ఆనందంతోనూ. "ఆ లైను కొట్టేశాం. ఇద్దరూ ఉంటారు. కాలవ పని కూడా రాతలో పెట్టాం."

"విన్నానమ్మా. మంచిది. మా చెల్లి ఒక్కతే ఇద్దరు మనుషుల పని చేసి మంచాన పడుద్దని భయపడ్డా. ఇప్పుడు ఇంకో మనిషిని తీసుకోవాల్సిందే కదా, రాతలో ఉంది కాబట్టి."

"ఇంకో మనిషెందుకు? నువ్వున్నావుగా."

"నేను ఒకటో తారీఖు నుంచి వెనకవీధి బిల్డింగులో చేరుతున్నానమ్మా. గురువారమే మాట్లాడుకున్నా." గుడ్డ విదిలించి మెట్టు మీద పరిచింది. "మొదటింటి గుమ్మంలోనే చదివా కదా. చదివాక ముందు నా దారి చూసుకుని, ఆ తర్వాతే మిగతా ఇళ్లకెళ్లా."

సెక్రటరీగారు బక్కెట్టు పక్కకి వచ్చింది. "తప్పయిపోయింది. అందరి ముందూ ఒప్పుకున్నాను."

"తెలుసమ్మా. మీరు మంచివాళ్లే, కాదనను. సారు బాగుపడాలని నేనూ దణ్ణం పెట్టుకుంటున్నా." ఆమె గొంతులో కోపం లేదు. ఉంటే బాగుండుననిపించింది ఆవిడకి. "కానీ మళ్లీ ఎప్పుడైనా మీకు వంద తక్కువైతే, ఎక్కడ దొరుకుతుందో మీకిప్పుడు తెలుసు కదా."

కింద చిన్నామె కుర్చీ మీద కుర్చీ పేరుస్తోంది. పై నుంచి ఎవరిదో రేడియో. సెక్రటరీగారు రెయిలింగు పట్టుకుని ఆ మెట్టు మీదే నిలబడింది.

"కొంచెం కాలు తియ్యండమ్మా," అంది పెద్దామె, ఆ మెట్టు తుడవడానికి వంగుతూ. "ఇక్కడింకా తుడవలేదు."